పందొమ్మిది ఎంబీల దస్తావేజు, రెండు ఎంబీల గడప

ఆన్‌లైన్ దరఖాస్తు నింపేవాళ్లను చాలాసార్లు ఆఖరి మెట్టు మీద ఆపేది ఒక చిన్న ఎర్రక్షరాల వాక్యం: ఫైలు సైజు 2 ఎంబీ మించకూడదు. పేరు, చిరునామా, సర్వే నంబరు అన్నీ నింపడం అయిపోతుంది. ఓటీపీ వస్తుంది, కొట్టడమూ అవుతుంది. పత్రాలు జతచేసే చోటికి వచ్చేసరికి, నెట్ సెంటర్‌లో స్కాన్ చేయించుకొచ్చిన దస్తావేజు ఎక్కనంటుంది. చూస్తే దాని బరువు 19 ఎంబీ.

అప్పుడు చాలామంది చేసే పని ఒకటే. పీడీఎఫ్ సైజు తగ్గించే వెబ్‌సైటు కోసం వెతికి, మొదట కనబడినదాంట్లో ఫైలు పడేసి, అన్నిటికన్నా గట్టిగా కుదించే బటన్ నొక్కుతారు. 19 ఎంబీ కాస్తా 900 కేబీ అవుతుంది. పోర్టల్ తీసుకుంటుంది, దరఖాస్తు నంబరు ఇస్తుంది. కొన్నాళ్లకు ఆఫీసు నుంచి కబురొస్తుంది: జతచేసిన పత్రం స్పష్టంగా లేదు, మళ్లీ పంపండి.

ఇక్కడ పోర్టల్ తప్పేమీ లేదు. అది చూసేది బరువు ఒక్కటే. లోపలి అక్షరం కనబడుతోందా లేదా అన్నది దాని పని కాదు. ఆ పని ఆఫీసులో కూర్చున్న మనిషిది. ఆయన తెర మీద ఫైలు తెరిచి హద్దులు చదవాలి, సర్వే నంబరు సరిచూడాలి, ముద్ర గుర్తుపట్టాలి. కాబట్టి ఫైలు రెండు పరీక్షలు దాటాలి, ఒకటి యంత్రం దగ్గర, ఒకటి మనిషి దగ్గర. గట్టిగా కుదించే బటన్ మొదటి పరీక్ష కోసం రెండోదాన్ని వదిలేస్తుంది. రెండూ దాటే దారి ఉంది, అదేమంత కష్టం కాదు. స్కాన్ చేసిన ఫైల్లో బరువు ఎక్కడ ఉంటుందో తెలిస్తే చాలు.

కంప్యూటర్లో టైపు చేసి పీడీఎఫ్‌గా దాచిన ఉత్తరం పది పేజీలున్నా రెండు మూడు వందల కేబీ దాటడం అరుదు. అందులో ఉండేవి అక్షరాలు, వాటి ఫాంటు. స్కాన్ చేసిన పీడీఎఫ్ అలా కాదు. అందులో అక్షరాలే ఉండవు, ఉండేది కాగితం ఫొటో. తెల్లటి ఖాళీ, మడత గీత, టీ మరక, అక్షరం, అన్నీ దానికి చుక్కలే. ఆ చుక్కల్నే పిక్సెల్ అంటారు. ఒక అంగుళం పొడవులో ఎన్ని చుక్కలు తీస్తుందో చెప్పే లెక్క డీపీఐ.

ఏ4 కాగితాన్ని 300 డీపీఐ దగ్గర స్కాన్ చేస్తే అడ్డంగా 2,480, నిలువుగా 3,508 చుక్కలు వస్తాయి. మొత్తం 87 లక్షలు. రంగుల్లో స్కాన్ చేస్తే ఒక్కో చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువల కోసం మూడు బైట్లు కావాలి. అంటే ఏ కుదింపూ లేకుండా ఒక్క పేజీయే సుమారు 25 ఎంబీ. అదే పేజీని బూడిదరంగు ఛాయల్లో, అంటే స్కానర్‌లో Grayscale అని కనిపించే పద్ధతిలో తీస్తే చుక్కకు ఒక బైటు చాలు, బరువు మూడో వంతుకు దిగుతుంది. పూర్తి నలుపు తెలుపులో, అంటే Black & White పద్ధతిలో, ప్రతి చుక్కా నలుపో తెలుపో చెబితే సరిపోతుంది. ఒక బైటులో ఎనిమిది చుక్కలు ఇమిడిపోతాయి. అప్పుడు ఆ పేజీ కాస్త అటూ ఇటూగా ఒక ఎంబీ. రంగుకూ నలుపు తెలుపుకూ మధ్య ఇరవైనాలుగు రెట్ల తేడా ఉంది, ఒక్క చుక్కను కూడా వదులుకోకుండానే.

ఈ మాటను గట్టిగా పట్టుకోవాలి. సైజు తగ్గించాలనగానే చాలామందీ, చాలా వెబ్‌సైట్లూ మొదట కోసేది చుక్కలనే. 300 డీపీఐని 100కో 72కో దించేస్తారు. రంగు మాత్రం అలాగే ఉంచుతారు. కాగితం పసుపుదనం చక్కగా మిగులుతుంది, అక్షరం పోతుంది. చదవాల్సిన పత్రానికి ఇది తలకిందుల బేరం. ముందు వదులుకోవాల్సింది రంగు, చుక్కల జోలికి ఆ తర్వాతే వెళ్లాలి.

చుక్కలు తగ్గితే తెలుగు అక్షరానికి ఏమవుతుందో దగ్గరగా చూడాలి. దస్తావేజుల్లో మామూలుగా వాడే 12 పాయింట్ల అక్షరాన్ని తీసుకుందాం. పాయింటంటే అంగుళంలో 72వ వంతు. కాబట్టి 300 డీపీఐ స్కాన్‌లో ఆ వరుసకు 50 చుక్కల ఎత్తు దొరుకుతుంది. అందులో మూల అక్షరానికి దాదాపు సగం, మిగతాది పైన గుడులకూ కింద వత్తులకూ పంచుకోవాలి. 150 డీపీఐకి దిగితే మొత్తం 25 చుక్కలు, మూల అక్షరానికి పన్నెండో పదమూడో. ఇంకా చదవవచ్చు. 72 డీపీఐలో మొత్తం పన్నెండే చుక్కలు. మూల అక్షరానికి ఆరు, కింద వత్తుకు మూడో నాలుగో. ద, ధ అక్షరాలను వేరుచేసే ఆ చిన్న గీతకు ఒక చుక్క దక్కితే గొప్ప. ప, ఫ అక్షరాలదీ అదే కథ. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా చెప్పే కొస కూడా అక్కడే చెరిగిపోతుంది. ఇంగ్లీషు పెద్ద అక్షరాలు ఆ సైజులో ఎలాగో బతికి బయటపడతాయి. పైనా కిందా గుర్తులు మోసే మన లిపి బతకదు. అందుకే ఇంగ్లీషు పత్రానికి సరిపోయిందని ఎవరో చెప్పిన సెట్టింగు తెలుగు పత్రానికి సరిపోకపోవచ్చు.

దీనికి తోడు జేపెగ్ పద్ధతి చేసే నష్టం ఒకటుంది. రంగు, బూడిదరంగు స్కాన్లను పీడీఎఫ్‌లో ఎక్కువగా జేపెగ్‌గానే దాస్తారు. అది బొమ్మను ఎనిమిది చుక్కల పొడవు, ఎనిమిది చుక్కల వెడల్పున్న గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలోని సూక్ష్మమైన మార్పులను కొంత కొంత వదిలేస్తుంది. ముఖం, ఆకాశం లాంటి మెల్లగా మారే రంగుల ఫొటోలకు అది బాగా పనికొస్తుంది. తెల్లకాగితం మీద నల్లక్షరం అంచు అలాంటిది కాదు, అక్కడ మార్పు ఒక్కసారిగా జరుగుతుంది. నాణ్యత బాగా తగ్గించిన జేపెగ్‌లో అక్షరం చుట్టూ మురికి పట్టినట్టు బూడిదరంగు చుక్కలు లేస్తాయి. తెర మీద 300 శాతం పెద్దది చేసి చూస్తే ఆ గళ్ల అంచులు కూడా కనిపిస్తాయి.

నలుపు తెలుపు పేజీలకు ఈ బెడద లేదు. వాటికి ఫ్యాక్స్ యంత్రాల కోసం 1980లలో ప్రమాణంగా వచ్చిన గ్రూప్ 4 అనే పద్ధతి ఉంది. ప్రతి వరుసలో నలుపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో, పై వరుసతో పోలిస్తే ఎంత జరిగిందో మాత్రమే అది రాసుకుంటుంది. ఒక్క చుక్క కూడా పోదు. శుభ్రంగా ఉన్న టైపు పేజీ 300 డీపీఐలో ఉన్నా ఇలా దాస్తే చాలాసార్లు 50 నుంచి 100 కేబీ మధ్య కూర్చుంటుంది.

ఇక ఆ పందొమ్మిది ఎంబీల దస్తావేజు దగ్గరకు వద్దాం. అందులో పన్నెండు పేజీలున్నాయనుకుందాం. 2003 నాటి సేల్ డీడ్, లీగల్ సైజు కాగితం. మొదటిది స్టాంపు పేపరు. దాని వెనకవైపు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముద్రలు, వేలిముద్రలు. మూడు నుంచి పదకొండు దాకా డీటీపీ చేసిన మామూలు పేజీలు: ఎవరు ఎవరికి ఎంతకు అమ్మారు, సర్వే నంబరెంత, నాలుగు వైపులా ఎవరున్నారు, కింద సంతకాలు. చివరిది ప్లాను. అందులో అమ్మిన జాగాను ఎర్రగీతతో చుట్టారు. నెట్ సెంటర్‌లో మొత్తాన్నీ 300 డీపీఐ రంగుల్లో తీసేశారు.

మొదట వేయాల్సిన లెక్క పేజీ వాటా. రెండు ఎంబీ అంటే కంప్యూటర్ లెక్కలో 2,048 కేబీ. కానీ కొన్ని పోర్టళ్లు ఎంబీకి సరిగ్గా పది లక్షల బైట్లే లెక్కపెడతాయి. అంచు దాకా పోకుండా 1,900 కేబీ దగ్గర ఆగడం క్షేమం. దాన్ని పన్నెండుతో భాగిస్తే పేజీకి 158 కేబీ. ఇప్పుడున్న ఫైల్లో పేజీకి 1,600 కేబీ పడుతోంది. పదో వంతుకు దించాలన్నమాట.

మొత్తాన్నీ 150 డీపీఐ బూడిదరంగుకు మారిస్తే? లీగల్ సైజు పేజీలో అప్పుడు 26 లక్షల పైచిలుకు చుక్కలుంటాయి. ఓ మోస్తరు జేపెగ్ నాణ్యతలో పేజీ 200 కేబీకి అటూ ఇటూ తూగుతుంది. పన్నెండు పేజీలకు రెండున్నర ఎంబీ. దగ్గరకొచ్చింది గానీ గడప దాటలేదు. చాలామంది ఇక్కడే దారి తప్పుతారు, ఇంకొంచెమే కదా అని 100 డీపీఐకి దిగిపోతారు. ఫైలు ఎక్కుతుంది, హద్దుల పేరాలో వత్తులు పోతాయి.

మెరుగైన దారి, అన్ని పేజీలనూ ఒకే గాటన కట్టకపోవడం. నడిమి తొమ్మిది పేజీలు నల్లటి అచ్చు, సంతకాలు. వాటికి రంగుతో పని లేదు. వాటిని నలుపు తెలుపులో 300 డీపీఐ దగ్గరే ఉంచితే పేజీ 80 కేబీ చొప్పున 720 కేబీ. స్టాంపు పేపరుకూ, దాని వెనకవైపుకూ ఛాయలు కావాలి. వేలిముద్రలో గీతలు, పలుచటి ముద్ర పూర్తి నలుపు తెలుపులో ఉంటే ఉండలు కట్టుకుపోతాయి, లేదా మాయమైపోతాయి. ఆ రెంటినీ 200 డీపీఐ బూడిదరంగులో తీసి, పేజీకి 330 కేబీ ఇద్దాం, మొత్తం 660. ప్లానులో ఎర్రగీతే ప్రాణం, దాన్ని బూడిదరంగు చేస్తే పక్కవాడి గీతకూ దీనికీ తేడా తెలియదు. అదొక్కటే రంగుల్లో, 150 డీపీఐలో, 250 కేబీ. అన్నీ కలిపితే 1,630 కేబీ. రెండు ఎంబీలో హాయిగా పడుతుంది. పైగా చదవాల్సిన తొమ్మిది పేజీల్లో చుక్కలు నెట్ సెంటర్ స్కాన్‌లో ఎన్ని ఉన్నాయో అన్నీ ఉన్నాయి.

కాగితం చేతిలో ఉంటే ఇదంతా మళ్లీ స్కాన్ చేసి సాధించడమే మేలు. స్కానర్ తెర మీద రంగు పద్ధతి, డీపీఐ అనే రెండు పెట్టెలు ఎలాగూ ఉంటాయి. నెట్ సెంటర్‌లో అయితే అడగాల్సిన తీరు ఇలా ఉంటుంది: “బాబూ, మొదటి రెండు పేజీలు గ్రేలో రెండొందలు పెట్టు. మధ్యలోవి బ్లాక్ అండ్ వైట్‌లో మూడొందలు. చివరి ప్లాను కలర్‌లో నూటయాభై.” అబ్బాయికి పని రెండు నిమిషాలు పెరుగుతుంది. మూడు ఫైళ్లు వస్తాయి, వాటిని వరుసలో కలిపితే సరి. qpdf అనే ఉచిత ప్రోగ్రామ్ ఉన్నవాళ్లకు అది ఒక్క వరుస:

```
qpdf --empty --pages stamp.pdf text.pdf plan.pdf -- deed.pdf
```

నలుపు తెలుపు స్కాన్‌లో చూసుకోవాల్సింది ఒకటే, గీత ఎక్కడ గీశామన్నది. ఎంత ముదురు చుక్కను నలుపు అనాలి, ఎంత లేతదాన్ని తెలుపు అనాలి అని స్కానర్ నిర్ణయించే హద్దును థ్రెషోల్డ్ అంటారు. కొన్ని స్కానర్లలో బ్రైట్‌నెస్ పేరుతోనూ ఉంటుంది. ఆ హద్దు ముదురువైపు తప్పితే కాగితం మరకలు, వెనక పేజీ నీడ, స్టాంపు పేపరు నేపథ్యంలోని సన్నటి అల్లిక అన్నీ నల్లచుక్కలై పేజీ నిండా చల్లుకుంటాయి. ఇది కంటికన్నా ముందు సైజులోనే తెలిసిపోతుంది. గ్రూప్ 4కి పొడవాటి తెల్లటి ఖాళీలంటే చవక, చెదురుమదురు చుక్కలంటే ఖరీదు. 80 కేబీ రావాల్సిన పేజీ 300, 400 కేబీ తూగితే అందులో మచ్చలున్నట్టే. హద్దు లేతవైపు తప్పితే సైజు బాగా తగ్గుతుంది గానీ అక్షరాల్లో సన్నటి గీతలు తెగిపోతాయి. రిబ్బను ఆరిపోతున్న టైపు మిషన్‌తో కొట్టిన పాత కాగితాల్లో ఇది ఎక్కువ. అలాంటి పేజీకి నలుపు తెలుపు పట్టు వదిలేసి బూడిదరంగులోనే ఉంచాలి.

నలుపు తెలుపు దగ్గరే ఇంకో సంగతి చెప్పుకోవాలి, ఇది అన్నిటికన్నా పెద్దది. 2013లో జర్మనీకి చెందిన కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ క్రీజెల్ ఒక వింత బయటపెట్టాడు. ఒక ఇంటి ప్లానును జిరాక్స్ వర్క్‌సెంటర్ యంత్రంలో స్కాన్ చేస్తే గదుల విస్తీర్ణాలు మారిపోయాయి. మూడు గదుల్లో వేర్వేరు అంకెలు ఉండాలి: 14.13, 21.11, 17.42 చదరపు మీటర్లు. స్కాన్‌లో మూడింటికీ 14.13 అనే ఉంది. మసక లేదు, చెదురు లేదు, అంకెలు చక్కగా, స్పష్టంగా ఉన్నాయి, తప్పుగా ఉన్నాయి. ఇంకో పత్రంలో 6 కాస్తా 8 అయింది.

కారణం జెబిగ్2 అనే కుదింపు పద్ధతిని ఆ యంత్రం వాడిన తీరు. పేజీలో ఒకేలా ఉన్న ఆకారాలను ఒక్కసారే దాచి, మిగతా చోట్ల ‘అక్కడ ఉన్నదే ఇక్కడా’ అని గుర్తు పెట్టుకోవడం దాని కిటుకు. అచ్చంగా ఒకేలా ఉన్నవాటితో ఆగితే నష్టం లేదు. ‘దాదాపు’ ఒకేలా ఉన్నవాటిని కూడా ఒకటిగా లెక్కగడితే మాత్రం చిన్న 6 మీద 8 వచ్చి కూర్చుంటుంది. సంగతి బయటపడ్డాక జిరాక్స్ సంస్థ ఆ యంత్రాల సాఫ్ట్‌వేర్‌ను సరిదిద్దే ప్యాచ్‌లు విడుదల చేసింది. మామూలుగా కుదింపు వల్ల వచ్చే నష్టం మసక రూపంలో కనబడుతుంది, చదివేవాడు అనుమానపడతాడు. ఇక్కడ అనుమానానికే చోటు లేదు. సర్వే నంబరులో 3 బదులు 8 పడితే పొలమే మారిపోతుంది. ద, ధ అంత దగ్గర పోలికలున్న మన లిపికి ఈ ‘దాదాపు’ ఇంకా ప్రమాదం. కుదింపు ప్రోగ్రామ్‌లో జెబిగ్2కి లాస్‌లెస్, లాసీ అని రెండు రకాలు కనిపిస్తే, పత్రాలకు లాసీ జోలికి పోకూడదు. ఆ రకం ఒప్పుకుంటే మిగిలే కొద్ది కేబీలకు ఆ వెల చాలా ఎక్కువ.

కాగితం చేతిలో లేక, ఉన్న ఫైలునే తగ్గించాల్సి వస్తే? వైద్య రికార్డులు ఆస్పత్రి వాళ్లు పంపినవో, దస్తావేజు అమెరికాలో ఉన్న అమ్మాయికి వాట్సాప్‌లో చేరినదో అయినప్పుడు ఇదే పరిస్థితి. ఇక్కడ ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే పాత, ఉచిత ప్రోగ్రామ్ నమ్మకమైనది. ఇంట్లో కంప్యూటర్ తెలిసినవాళ్లెవరైనా పెట్టివ్వగలరు. రంగు తీసేసి 150 డీపీఐకి దించే ఆజ్ఞ ఇది:

```
gs -sDEVICE=pdfwrite -dPDFSETTINGS=/ebook \
   -sColorConversionStrategy=Gray \
   -dColorImageDownsampleThreshold=1.0 \
   -dGrayImageDownsampleThreshold=1.0 \
   -dNOPAUSE -dBATCH -sOutputFile=small.pdf big.pdf
```

ఇందులో `/ebook` అంటే 150 డీపీఐ. అక్కడే `/screen` అని పెట్టమని చెప్పేవాళ్లు ఎక్కువ, అది 72 డీపీఐ, తెలుగు వత్తులను మింగేది అదే. నడుమ ఉన్న రెండు `Threshold` వరుసలు ఎందుకంటే, ఘోస్ట్‌స్క్రిప్ట్ మామూలుగా లక్ష్యానికి ఒకటిన్నర రెట్లు దాటిన బొమ్మలనే తగ్గిస్తుంది. 200 డీపీఐ స్కాన్‌ను 150కి దించమంటే, 225 దాటలేదు కదా అని వదిలేస్తుంది. లోపలి జేపెగ్‌ను తిరిగి కుదించకుండా యథాతథంగా దాటించే అలవాటు కూడా కొత్త వెర్షన్లకు ఉంది. ఆజ్ఞ పని చేసినట్టే ఉంటుంది, ఫైలు మాత్రం ఒక్క కేబీ తగ్గదు. జనం ప్రోగ్రామ్ పాడైందనుకుంటారు. హద్దును 1.0 చేస్తే ఆ చిక్కు పోతుంది.

సైజు మొండికేసినప్పుడు లోపల ఏముందో చూడడానికి `pdfimages -list big.pdf` అనే ఆజ్ఞ ఉంది. పాప్లర్ అనే ఉచిత పనిముట్ల మూటలో వస్తుంది. ఒక్కో పేజీలోని బొమ్మకు ఎన్ని చుక్కలు, రంగా బూడిదా, ఏ పద్ధతిలో దాచారు, ఎంత బరువు అన్నది వరుసగా చెబుతుంది. ఫోన్లో తీసిన స్కాన్ల గుట్టు ఇక్కడ బయటపడుతుంది. స్కానింగ్ యాప్‌లో నలుపు తెలుపు ఫిల్టర్ పెట్టాం కదా, ఇంకా ఇంత బరువేమిటని అడిగేవాళ్లకు జవాబు తరచుగా ఇదే: కంటికి నలుపు తెలుపుగా కనిపిస్తున్నా, యాప్ దాన్ని రంగుల జేపెగ్‌గానే దాచింది. ఆ పట్టికలో `rgb`, `jpeg` అని ఉంటే అది రంగుల బరువు మోస్తున్నట్టు. `ccitt` అని ఉంటే అది అసలైన నలుపు తెలుపు.

ఫోన్ స్కాన్లలో ఇంకో మెలిక పేజీ కొలత. కొన్ని యాప్‌లు ఒక్కో చుక్కను ఒక్కో పాయింటుగా లెక్కవేసి పీడీఎఫ్ చేస్తాయి. 3,000 అడ్డం, 4,000 నిలువు ఉన్న ఫొటో అప్పుడు దాదాపు 42 అంగుళాల వెడల్పు, 56 అంగుళాల పొడవున్న గోడపత్రిక అవుతుంది. ఆ లెక్కన అది 72 డీపీఐ బొమ్మ, కాబట్టి కుదించే ప్రోగ్రామ్ దాన్ని ముట్టుకోదు. పీడీఎఫ్ చూసే ప్రోగ్రామ్‌లో ఫైలు వివరాలు తెరిచి పేజీ సైజు చూస్తే ఈ సంగతి వెంటనే తెలుస్తుంది. యాప్ సెట్టింగుల్లో పేజీని ఏ4 అని ఎంచుకుని మళ్లీ దాచితే సరిపోతుంది.

ఆపిల్ కంప్యూటర్లున్నవాళ్లు ప్రివ్యూలో Reduce File Size అనే ఫిల్టర్ వాడుతుంటారు. స్కాన్ పత్రాలను బాగా మసకబార్చేస్తుందని దానికి పాత పేరే ఉంది. వాడితే వాడవచ్చు గానీ, పంపే ముందు తెరిచి చూడకుండా పంపకూడదు.

తెరిచి చూడడమంటే మొదటి పేజీ ఒకసారి పైపైన చూసి మూసేయడం కాదు. మొదటి పేజీలో ఉండేవి పెద్దక్షరాలు, అవి ఎప్పుడూ బాగానే ఉంటాయి. పత్రంలో అన్నిటికన్నా చిన్నక్షరం ఎక్కడుందో వెతకాలి. దస్తావేజులో అయితే హద్దుల వివరం, ముద్రలోని తేదీ, దస్తావేజు నంబరు. మార్కుల మెమోలో కింద ఉండే గమనిక. ఆధార్‌లో చిరునామా. దాన్ని 100 శాతం దగ్గర పెట్టి, అంకెలూ వత్తులూ అసలు కాగితంతో సరిచూడాలి. ఇంట్లో ఇంకొకరిని పిలిచి, కాగితం చూపించకుండా తెర మీది సర్వే నంబరు చదవమంటే ఇంకా మంచిది. తెలిసిన అంకెను మన కన్ను మసకలోనూ చదివేస్తుంది, కొత్త కన్ను అలా చదవదు. ఆఫీసులో చూసేదీ కొత్త కన్నే.

కుదించకూడని పత్రాలూ ఉన్నాయి. డిజిటల్ సంతకంతో వచ్చే పీడీఎఫ్‌లు, అంటే ఆన్‌లైన్‌లో నేరుగా దింపుకున్న సర్టిఫికెట్ల వంటివి, ఏ ప్రోగ్రామ్‌లో వేసి మళ్లీ దాచినా వాటి సంతకం చెల్లకుండా పోతుంది. ఫైల్లో ఏదో మారిందని చెప్పడమే ఆ సంతకం పని. అవి ఎలాగూ చిన్నవిగానే ఉంటాయి, వచ్చినవి వచ్చినట్టే పంపాలి. వాటిని ప్రింటు తీసి మళ్లీ స్కాన్ చేయడం ఇంకా నష్టం: సంతకమూ పోతుంది, బరువూ పెరుగుతుంది, అక్షరమూ మసకబారుతుంది.

ఉచిత వెబ్‌సైట్ల గురించి ఒక్క మాట. దస్తావేజులో కుటుంబసభ్యుల పేర్లు, సంతకాలు, వేలిముద్రలు, కొన్నింట్లో ఆధార్, పాన్ నంబర్లు కూడా ఉంటాయి. ఫైలును ఎవరిదో తెలియని సర్వర్‌కు పంపేస్తే ఆ తర్వాత అది ఎక్కడ, ఎన్నాళ్లు ఉంటుందో మన చేతిలో ఉండదు. సొంత కంప్యూటర్లోనే నడిచే ప్రోగ్రామ్‌తో పని జరుగుతున్నప్పుడు ఆ ప్రమాదం తలకెత్తుకోనక్కర్లేదు.

ఇంత చేసినా కుదరని లెక్కలు కొన్ని ఉంటాయి. అరవై పేజీల కోర్టు కాగితాలు, పరిమితి ఒక ఎంబీ అనుకుందాం. పేజీ వాటా 17 కేబీ కూడా రాదు. నిండా అక్షరాలున్న తెలుగు పేజీని 300 డీపీఐ నలుపు తెలుపులో అంతకు దించే నిఖార్సైన పద్ధతి లేదు. 200 డీపీఐకి దించినా సాధారణంగా 30, 40 కేబీ దగ్గర ఆగుతుంది. అప్పుడు ఏ బటన్ నొక్కినా అక్షరమే బలవుతుంది. అలాంటప్పుడు పోర్టల్‌లో రెండో ఫైలు జతచేసే చోటు ఉందేమో చూసి, కాగితాలను భాగం 1, భాగం 2 అని పేరుపెట్టి విడగొట్టాలి. అదీ లేకపోతే దరఖాస్తుకు నిజంగా కావాల్సిన పేజీలు, అంటే తీర్పు చివరి పేజీలు, ఆస్తి షెడ్యూలు, ముద్రలున్న పేజీ వంటివి మాత్రమే చదవగలిగే నాణ్యతలో పెట్టాలి. మొత్తం కాగితాల్లో ఇవి ఫలానా పేజీలని, మిగతావి అడిగితే ఇస్తామని దరఖాస్తులో రాయాలి. విడగొట్టేముందు 19 ఎంబీల అసలు స్కాన్‌ను వేరే పేరుతో భద్రంగా దాచుకోవాలి. ఇంకో పోర్టల్ పరిమితి ఐదు ఎంబీ ఉంటే, మొదలుపెట్టాల్సింది ఆ పెద్ద ఫైలు నుంచే గానీ ఒకసారి కుదించినదాని నుంచి కాదు. ఒకసారి పోయిన చుక్కను ఏ సెట్టింగూ తిరిగి తేలేదు.